పంది పిల్లకు 200 మిల్లీగ్రాముల ఇనుము: లెక్క ఎక్కడ తేలుతుంది?

ఒక ఈతలో పది పిల్లలుంటే, ఇనుము లోపంతో ముందు ప్రాణం పోయేది తరచుగా బక్కచిక్కిన పిల్లకు కాదు. అన్నిటికంటే బాగా పాలు తాగి, బొద్దుగా పెరిగిన పిల్లకు. మూడో వారంలో అది రొమ్ము దగ్గరికి పరుగెత్తుతూనో, తోటి పిల్లలతో కుమ్ములాడుతూనో ఉన్నట్టుండి పడిపోతుంది. కోసి చూస్తే గుండె ఉబ్బి ఉంటుంది, గుండె చుట్టూ ఛాతీలో నీరు చేరి ఉంటుంది, రక్తం నీళ్లలా పలచగా కారుతుంది. వేగంగా పెరిగిన పిల్లే ముందు ఎందుకు పోతుందో తెలియాలంటే ఇనుము జమాఖర్చు ఒకసారి వేసుకోవాలి.

పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 1.4 కిలోలు అనుకుందాం. దాని ఒంట్లో మొత్తం కలిపి 50 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అందులో ఎక్కువ భాగం అప్పటికే రక్తంలో పనిలో ఉంది. కాలేయంలో దాచుకున్నది కొద్దిగానే. ఇక తల్లి పాలు చూస్తే, వాటి నుంచి రోజుకు అందేది దాదాపు 1 మిల్లీగ్రాము. మూడు వారాలు తాగినా 21. అంటే 21వ రోజుకు చేతిలో ఉన్నది మొత్తం 70 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఖర్చు. 21 రోజులకు పిల్ల 6 కిలోలు తూగింది. కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున 480 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 11 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలంటే మొత్తం 53 గ్రాములు కావాలి. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది కాబట్టి రక్తానికే 180 మిల్లీగ్రాములు కావాలి. ఉన్న 70నీ కండరాలకు ఒక్క మిల్లీగ్రాము కూడా ఇవ్వకుండా రక్తానికే పెట్టినా, హిమోగ్లోబిన్ 4 పైచిలుకు దగ్గరే ఆగిపోతుంది. అదే వయసులో 4 కిలోలే తూగే చిన్న పిల్లలో రక్తం తక్కువ, కావాల్సిన ఇనుమూ తక్కువ. అందుకే అది ఈడ్చుకుంటూ బతుకుతుంది, పెద్దది కూలిపోతుంది.

ఈ లోటు జాతి లోపమేమీ కాదు. అడవిలో, ఆరుబయట పెరిగే పిల్ల పుట్టిన కొద్ది రోజులకే మట్టిని మూతితో తవ్వుతుంది, ఆ మట్టిలోని ఇనుమే లోటు పూడుస్తుంది. సిమెంటు నేల మీద, చువ్వల నేల మీద ఆ దారి మూసుకుపోయింది. మరి తల్లికి ఇనుము ఎక్కువ పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మాయ గుండా పిండానికి వెళ్లే ఇనుము గానీ, పాలలోకి దిగే ఇనుము గానీ మేతతో పెద్దగా పెరగవు. తల్లి పేడను నాకే పిల్లలకు కాస్త అందవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని మంద పెంచలేం. నోటి ద్వారా ఇచ్చే మందులకూ ఇబ్బంది ఉంది. మొదటి రోజుల్లో ఇనుమును పీల్చుకునే ఏర్పాటు పేగుల్లో ఇంకా పూర్తిగా తయారుకాదు. పుట్టిన కొద్ది గంటల్లోనే ఇచ్చే పేస్టులు కొంత పనిచేస్తాయి. ఆ గడువు దాటితే నమ్మకం తక్కువ.

కాబట్టి సూదిమందే మార్గం. ఐరన్ డెక్స్‌ట్రాన్ లేదా గ్లెప్టోఫెరాన్, పిల్లకు 200 మిల్లీగ్రాములు, ఒక్కసారి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు సీసా మీది బలం చూడకపోవడం. కొన్ని మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములవి, కొన్ని 200వి. మొదటి రకంలో 2 మిల్లీలీటర్లు ఎక్కించాలి, రెండో రకంలో 1. ఎప్పుడూ ఒకే కొలతకు అలవాటుపడిన చెయ్యి సీసా మారిన రోజున ఈతకు ఈతనే సగం మోతాదుతోనో, రెట్టింపు మోతాదుతోనో వదిలేస్తుంది.

సమయం మూడో రోజు, నాలుగో రోజు. తొలి రోజున పిల్ల కండ మరీ చిన్నది, మందు బయటికి కారిపోతుంది. పైగా ఆ రోజు దాని పని ముర్రుపాలు తాగడం. ముర్రుపాలు తాగాక రక్తంలో ద్రవం పెరిగి హిమోగ్లోబిన్ కాస్త తగ్గుతుంది, అది సహజమే. కానీ వారం దాటేదాకా ఆగితే పతనం మొదలైపోయి ఉంటుంది.

సూది మెడలో, చెవి వెనక కండలోకి వెయ్యాలి. తొడలో వద్దు. అక్కడ పెద్ద నరం ఉంది, దానికి తగిలితే కాలు ఈడుస్తుంది. పైగా గోధుమరంగు మరక మాంసంలో చాలాకాలం మిగిలిపోతుంది. 18 లేదా 20 గేజి, అర అంగుళం సూది చాలు. ముందు వేలితో చర్మాన్ని కొద్దిగా పక్కకు జరిపి, సూది గుచ్చి, మందు నెమ్మదిగా ఎక్కించి, ఒకట్రెండు క్షణాలు ఆగి తీయాలి. చర్మం వెనక్కి రాగానే సూది చేసిన దారి మూసుకుపోతుంది. ఇలా చేయకపోతే ముదురు గోధుమ ద్రవం మెడ మీద కారుతూ కనిపిస్తుంది. 1 మిల్లీలీటరులో పావు వంతు కారినా 50 మిల్లీగ్రాములు పోయినట్టే, అంటే పిల్ల పుట్టుకతో తెచ్చుకున్న ఇనుమంత. చల్లగా ఉన్న మందు చిక్కగా ఉండి సూదిలో ఆగుతుంది. సీసాను కాసేపు చేతిలో పట్టుకుంటే తేలికవుతుంది.

పిల్లకు గుచ్చిన సూదిని మళ్లీ సీసాలో పెట్టకూడదు. సీసా మూతలో ఒక సూదిని విడిగా ఉంచి దానితోనే మందు తీసుకోవాలి. పిల్లలకు వాడే సూదిని కనీసం ఈతకొకసారి మార్చాలి. మురికి సూదితో వచ్చే చీము గడ్డలను, కీళ్ల వాపులను మందు పడలేదనుకుని సరిపెట్టుకునే వారున్నారు. అసలు ముప్పు మరొకటి. తల్లికి విటమిన్ ఇ, సెలీనియం లోటుంటే, ఇనుము ఎక్కించిన కొద్ది గంటల్లోనే పిల్లలు వరసగా చనిపోవచ్చు. ఇనుము కణాల పొరలను దెబ్బతీస్తుంటే అడ్డుకునే రక్షణ వాటికి ఉండదు. అలాంటి చోట ముందు తల్లి మేత సరిచేయాలి.

సూది వేసిన ప్రతి పిల్ల వీపున రంగు గుర్తు పెట్టడం చిన్న పనే, కానీ తప్పిపోయిన పిల్ల అక్కడే దొరుకుతుంది. గుర్తు మరిచిన చోట మూడో వారంలో చెవులు తెల్లబడి, వెంట్రుకలు గరుకెక్కి, మెడ దగ్గర కాస్త నీరు పట్టి బలంగా ఉన్నట్టు మోసగించే పిల్ల బయటపడుతుంది. కొద్దిగా పరుగెత్తించినా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది.

ఇంతా చేశాక 200 చాలుతుందా? 21 రోజులకు 70కి 200 కలిపితే 270. రక్తానికి 180 పోగా కండరాలకు, కాలేయానికి 90 మిగులుతుంది. కానీ 28వ రోజుకు 8 కిలోలు తూగే పిల్లకు రక్తానికే దాదాపు 240 కావాలి, జమ 280 లోపే. మిగిలేది 40 కూడా కాదు. పాలు ఆలస్యంగా మాన్పించే మందల్లో రెండో మోతాదు మాట ఇక్కడే వస్తుంది. తేల్చుకోవడానికి చేతిలో ఇమిడే మీటరుతో పాలు మాన్పించే ముందు కొన్ని పిల్లల హిమోగ్లోబిన్ చూడాలి. 11, ఆపైన ఉంటే సరే. 9 నుంచి 11 మధ్య ఉంటే ఇనుము చాలడం లేదు. 9 లోపయితే రక్తహీనతే. అయితే పరీక్షకు చిన్న పిల్లల్ని ఎంచుకుంటే అంకెలన్నీ బాగానే కనిపిస్తాయి. ప్రతి ఈతలో అన్నిటికంటే బరువైన పిల్లను పట్టుకుని చూడాలి.