‘ఇదో, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’: బద్ధకమా, ఏడీహెచ్‌డీనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫోను పట్టుకుంటే నాలుగు గంటలు కదలడు. అలాంటివాడికి ఏకాగ్రత లోపం ఎక్కడిది? పని తప్పించుకోవడానికి సాకు.

వాస్తవం: మానసిక వైద్యుల దగ్గరికి కొడుకునో భర్తనో తీసుకొచ్చినవాళ్లు మొదట అనే మాట ఇదే. ధ్యాసను అదుపులో పెట్టుకోలేని మానసిక సమస్యే ఏడీహెచ్‌డీ. ఇందులో ధ్యాస లేకపోవడం ఉండదు. దాన్ని కావలసిన చోట, కావలసినప్పుడు పెట్టలేకపోవడం ఉంటుంది. నచ్చిన పని, కొత్త పని, తక్షణం ఫలితమిచ్చే పని, గడువు మెడ మీదికొచ్చిన పని అయితే ధ్యాస దానంతటదే వెళ్లి కూర్చుంటుంది. ముఖ్యమే కానీ విసుగు పుట్టించే పని దగ్గర మాత్రం బండి స్టార్ట్ కాదు. మంచి బ్యాటరీ ఉన్న బండికి సెల్ఫ్ పనిచేయనట్టు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, తరచూ కనిపించే లక్షణాలను కలిపి అల్లింది. చంద్రగిరిలో ఉంటూ తిరుపతిలో ఓ మెడికల్ ఏజెన్సీలో లెక్కలు చూసే 29 ఏళ్ల యువకుడు. ప్రతి నెలా 11వ తేదీలోపు అమ్మకాల లెక్కలు చూపే జీఎస్‌టీ రిటర్ను, జీఎస్‌టీఆర్-1 వేయాలి. మూడు గంటల పని, ఎలా చేయాలో బాగా తెలుసు. అయినా 3వ తేదీ నుంచి రోజూ ఫైలు తెరుస్తాడు, మూసేస్తాడు. 10వ తేదీ రాత్రి పదింటికి కూర్చుని ఒంటిగంటకల్లా తప్పు లేకుండా ముగిస్తాడు. ‘చేయగలిగినోడివే కదబ్బా, ముందే చేసుంటే ఏం పోయె?’ అని ఓనరు కోపం. ఆ ప్రశ్న అతనూ తనను తాను వేసుకుంటూనే ఉంటాడు. చేతకాకపోవడం, మొదలుపెట్టలేకపోవడం వేర్వేరు ఇబ్బందులని అతనికి ఎవరూ చెప్పలేదు.

అపోహ: టైముకు రాకపోవడం మనుషులంటే లెక్కలేకపోవడమే.

వాస్తవం: కొందరిలో అదీ ఉండొచ్చు, కాదనలేం. లెక్కలేనితనం ఉన్నవాడు తనకు ముఖ్యమైన చోటికి టైముకే వెళ్తాడు. కాలం అంచనా తప్పేవాడు తన పెళ్లిచూపులకూ ఆలస్యంగానే వెళ్తాడు.

అదే యువకుడు ఆఫీసులో తొమ్మిదిన్నరకు ఉండాలి. స్నానం పది నిమిషాలు, టిఫిన్ పది, బండి మీద ఇరవై ఐదు, మొత్తం నలభై ఐదు అని లెక్కేసుకుని పావు తక్కువ తొమ్మిదికి లేస్తాడు. ఒక ఉదయం గడియారం పెట్టి రాస్తే తేలింది ఇది: స్నానం 20, టిఫిన్ 15, బండి తాళం, హెల్మెట్ వెతుక్కోవడం 7, పెట్రోలు 8, దారి 35, బండి పెట్టి మెట్లెక్కడం 5. మొత్తం 90 నిమిషాలు, అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు. ఎక్కడ తప్పిందో చూడండి. అనుకున్న మూడు పనుల్లో అదనంగా పోయింది 25 నిమిషాలైతే, మిగతా 20 నిమిషాలు అసలు లెక్కలోకే రాని పనులవి. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు పోయే సమయం వీళ్ల మనసులో నమోదే కాదు. అందుకే ‘రేపట్నుంచి పది నిమిషాలు ముందు లేస్తా’ అన్న ప్రతిజ్ఞ వారం కూడా నిలవదు.

అపోహ: టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయి కాబట్టి ఏడీహెచ్‌డీ ఉండే అవకాశం లేదు.

వాస్తవం: మార్కులకు వెనక ఎవరున్నారో అడగాలి. పక్కన కూర్చుని హోంవర్క్ చేయించిన అమ్మ, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంట కొట్టి నడిపించే రెసిడెన్షియల్ స్కూలు. పని ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లే చెప్పేవాళ్లు. ఆ గంట ఆగిపోయాక, అంటే డిగ్రీలోనో ఉద్యోగంలోనో, లోపం బయటపడుతుంది. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లలు మరీ ఎక్కువగా లెక్కలోంచి జారిపోతారు.

అలాగని పెద్దయ్యాక కొత్తగా పుట్టుకొచ్చేది కాదిది. నిర్ధారణ నియమాల ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులో ‘తెలివైనవాడు, శ్రద్ధ లేదు’ అన్న మాట, వారానికొకటి పోగొట్టిన పెన్సిలు బాక్సు, చెప్పిన మూడు పనుల్లో ఒకటే చేసుకొచ్చిన జ్ఞాపకం, వైద్యుడికి ఇవి రిపోర్టులంత విలువైనవి.

అపోహ: ఆన్‌లైన్ టెస్టులో వచ్చింది, ఇక ఖాయం.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దల కోసం తయారుచేయించిన ప్రశ్నావళిలో మొదటి ఆరు ప్రశ్నలు జల్లెడ మాత్రమే. ఆరింటిలో నాలుగు నిర్ణీత స్థాయి దాటితే లోతుగా చూడాలని అర్థం, జబ్బు ఉందని కాదు. ఆ జల్లెడలో వేరేవీ పడతాయి.

ఇదే ఫిర్యాదుతో మరొకరు వచ్చారనుకుందాం. పని మొదలుపెట్టలేకపోవడం ఎనిమిది నెలల కిందట మొదలైంది. అంతకుముందు టైముకు పెట్టింది పేరు. ఇప్పుడు క్రికెట్ కూడా చూడబుద్ధి కాదు, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. ఇక్కడ ముందు చూడాల్సింది డిప్రెషన్. గట్టిగా గురకపెట్టి పగలంతా కునికేవారిలో నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉండొచ్చు. బరువు పెరిగి, జుట్టు రాలి, మందకొడితనం వచ్చినవారికి థైరాయిడ్ పరీక్ష అవసరం. చిక్కేమిటంటే ఇవి ఏడీహెచ్‌డీతో పాటు కూడా ఉండొచ్చు. అందుకే ‘ఎప్పటి నుంచి?’ అన్న ఒక్క ప్రశ్న మీద వైద్యులు అంతసేపు నిలబడతారు.

అపోహ: స్కానింగ్ తీస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. దీన్ని నిర్ధారించే రక్తపరీక్షా లేదు, స్కానూ లేదు. వేరే కారణాలను పక్కన పెట్టడానికే పరీక్షలు రాస్తారు. అసలు పని ఇంటర్వ్యూలో జరుగుతుంది. ధ్యాసకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, అతి చురుకుదనం, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదిలో గానీ 17 ఏళ్లు నిండినవారికి కనీసం ఐదు ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లనైనా కనిపించాలి, బతుకు దెబ్బతింటూ ఉండాలి. ఆఫీసులో మాత్రమే ఉంటే ఆ ఉద్యోగాన్నే అనుమానించాలి.

అపోహ: వెళ్తే మత్తుమందులిస్తారు.

వాస్తవం: అందరికీ మందు రాయరు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ చట్టప్రకారం నియంత్రణలో ఉన్న మందే. గుండె చరిత్ర అడిగి, బీపీ, నాడి చూశాకే మొదలుపెడతారు. ఆకలి, నిద్ర తగ్గొచ్చు కాబట్టి మోతాదు మెల్లగా పెంచుతారు. స్నేహితుడి మాత్ర ‘ట్రై’ చేయడం మాత్రం వద్దు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ఎప్పుడో ఓసారి గడువు తప్పడం అందరికీ ఉంటుంది. ఆలస్య రుసుములు, మెమోలు, ఇంట్లో గొడవలు, పరధ్యానంలో బండి ప్రమాదాలు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటుకు ముడిపడి ఉంటే వెళ్లడం మేలు. వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. రోజుకు రెండే పనులకు ఎంత పడుతుందనుకున్నారు, నిజంగా ఎంత పట్టింది, కూర్చున్నది ఎప్పుడు, మొదలైంది ఎప్పుడు అని రాయండి. రెండో వారంలో మొదటి అడుగును చిన్నది చేయండి. ‘రిటర్ను వేయాలి’ అని కాకుండా ‘మొదటి బిల్లు ఎంట్రీ’ అని రాసుకుని, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఎదురుగా గోడ గడియారం ఉంచండి. దీంతోనే సర్దుకుంటే మంచిదే. సర్దుకోకపోతే ఆ నోటుబుక్కు వైద్యుడికి పనికొస్తుంది.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే నోటుబుక్కు కోసం ఆగకండి, ఆ రోజే వెళ్లండి. మిగతావాళ్లు నోటుబుక్కుతో పాటు దొరికిన పాత ప్రోగ్రెస్ కార్డులు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. వీలైతే అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి. మీరు ఏడేళ్లప్పుడు ఎలా ఉండేవారో వాళ్లకే బాగా గుర్తుంటుంది.