మొదటిసారి జాతకం చూపించుకుంటున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పుట్టిన టైము కాస్త అటూ ఇటూ అయినా తేదీ తెలుసు కదా, చాలు.

వాస్తవం: లగ్నమంటే పుట్టిన క్షణంలో తూర్పున ఉదయించే రాశి. అది సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. రాశి చివర్లో పుట్టినవాళ్లకు ఐదు నిమిషాల తేడాకే లగ్నం మారిపోవచ్చు. కాబట్టి "తెల్లవారుజామున" అని చెప్పి ఊరుకోకుండా ఆసుపత్రి కాగితాలు వెతకండి.

నేను ఎక్కువగా చూసే తప్పు మాత్రం తేదీదే. రాత్రి రెండింటికి పుట్టిన బిడ్డను ఇంట్లో "మంగళవారం రాత్రి పుట్టాడు" అంటారు. సూర్యోదయం దాకా మంగళవారమే అని పంచాంగం లెక్క. క్యాలెండర్లో అప్పటికే బుధవారం. సాఫ్ట్‌వేర్‌లో మంగళవారం తేదీ వేసి 2:00 AM కొడితే జాతకం సరిగ్గా ఒక రోజు వెనక్కి పోతుంది.

అయినా ఎవరికీ అనుమానం రాదు. రోజు తేడాలో లగ్నం దాదాపు ఒక్క డిగ్రీయే జరుగుతుంది, చూడ్డానికి అంతా సరిగానే ఉంటుంది. చంద్రుడు మాత్రం ఈలోగా ఇంచుమించు ఒక నక్షత్రం దాటేస్తాడు. పుట్టినప్పుడు చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టే మొదటి దశ ఏ గ్రహానిదో, అందులో ఎన్నేళ్లు మిగిలాయో తేలుతుంది. ఆ బిడ్డ ఆశ్లేష మధ్యలో పుట్టాడనుకోండి. బుధ దశ ఎనిమిదిన్నరేళ్లు మిగిలి, తర్వాత కేతువు ఏడేళ్లు, ఆపైన శుక్రుడు ఇరవై. అంటే పాతికేళ్లప్పుడు శుక్ర దశ. తప్పు తేదీతో పుష్యమి వస్తే శని తొమ్మిదిన్నరేళ్లు, తర్వాత బుధుడు పదిహేడు. అదే వయసుకు బుధ దశ చెబుతారు! అందుకే తేదీతో పాటు "అర్ధరాత్రి దాటాకే పుట్టాను" అని విడిగా చెప్పండి.

అపోహ: మన గురించి ఏమీ చెప్పకూడదు, జ్యోతిష్యుడే కనిపెట్టాలి.

వాస్తవం: అది పరీక్ష కాదు, టైము దండగ. "నా భవిష్యత్తు ఎలా ఉంది?" అంటే జవాబు ఎవరికైనా సరిపోయేదే వస్తుంది. "ఏడాదిలోపు ఉద్యోగం మారాలా, ఇక్కడే ఉండాలా?" అని అడగండి. రెండు మూడు ప్రశ్నలు రాసుకొస్తే చాలు.

అపోహ: తడుముకోకుండా చెప్పేవాడే గొప్ప జ్యోతిష్యుడు.

వాస్తవం: "నా టైము పావుగంట తప్పైతే మీరు చెప్పినదాంట్లో ఏది మారుతుంది?" అని అడిగి చూడండి. లగ్నం మారుతుందో లేదో, రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే నవాంశ సంగతేమిటో నిజాయితీపరుడు విడదీసి చెబుతాడు. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే అయనాంశ లెక్కల్లో ఏది వాడుతున్నాడో కూడా చెబుతాడు, ఎందుకంటే లాహిరి లెక్కకీ రామన్ లెక్కకీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా. ఈ విద్యకు శాస్త్రీయ నిరూపణ ఉందని కూడా అనడు. 1985లో నేచర్ పత్రికలో వచ్చిన పరీక్షలో పాశ్చాత్య జ్యోతిష్యులు ఏ జాతకం ఎవరిదో గుర్తించడంలో ఊహను మించి రాణించలేదు. ఇది చెబితే నా వృత్తివాళ్లకే కోపం వస్తుంది, రానివ్వండి.

ముందు గండం ఉందని భయపెట్టి, వెంటనే శాంతికి ధర చెబితే అక్కడితో లేచి వచ్చేయండి. జబ్బు గురించి అడిగితే డాక్టరు దగ్గరికి వెళ్లమనని వాడి దగ్గరా అంతే.