పది రోజులు బాసెల్‌వి, 95 శాతం మోర్గాన్‌ది

షేర్ల పోర్ట్‌ఫోలియో నష్టభయాన్ని 'పది రోజులకు, 95 శాతం విశ్వాస స్థాయిలో' చెప్పడం ఇప్పుడు మామూలే. అంటే పది రోజుల్లో నష్టం ఆ అంకెను దాటకుండా ఉండే అవకాశం 95 శాతమని. నిజానికి ఈ రెండు అంకెలు వేర్వేరు ఇళ్లలో పుట్టాయి.

జేపీ మోర్గాన్ బ్యాంకు అధిపతి డెనిస్ వెదర్‌స్టోన్ రోజూ సాయంత్రం 4.15కు ఒక నివేదిక కోరేవారు. రేపటిలోగా బ్యాంకు మొత్తం మీద ఎంత పోగొట్టుకోవచ్చో అందులో ఉండాలి. ఆ లెక్కల పద్ధతినే బ్యాంకు 1994లో రిస్క్‌మెట్రిక్స్ పేరిట అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందులో గడువు ఒక రోజు, విశ్వాస స్థాయి 95 శాతం. బ్యాంకుల మూలధన నియమాలు రాసే బాసెల్ కమిటీ 1996లో పది రోజులు, 99 శాతం అడిగింది. అయితే ఒక వెసులుబాటు ఇచ్చింది: ఒక రోజు లెక్కను పది వర్గమూలంతో, అంటే 3.16తో, హెచ్చవేస్తే చాలు. నేటి వాడుక ఈ రెంటి కలగలుపు.

పది లక్షల రూపాయలతో చేసి చూద్దాం. ఒక షేరులో 6 లక్షలు, దాని ధర రోజుకు సగటు చుట్టూ ఎంత ఊగుతుందో చెప్పే ప్రామాణిక విచలనం 1.5 శాతం, అంటే 9,000. మరో షేరులో 4 లక్షలు, విచలనం 2 శాతం, అంటే 8,000. రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధం 0.4 అనుకుంటే మొత్తం విచలనం 17,000 కాదు, సుమారు 14,234. రెండూ ప్రతిసారీ కలిసే పడాలని లేదు కాబట్టే ఈ తగ్గింపు. 95 శాతానికి సాధారణ వితరణ ఇచ్చే గుణకం 1.645. దానితో ఒక రోజు నష్టభయం 23,415, పది రోజులకు సుమారు 74,000 రూపాయలు.

ఇది గరిష్ఠ నష్టం కాదు. ఇరవై విడతల్లో ఒకసారి నష్టం ఇంతకు మించుతుందని మాత్రమే అర్థం. ఎంత మించుతుందో ఈ అంకె చెప్పదు. పైగా వర్గమూలం చెల్లాలంటే ఒక రోజు పతనానికి మరునాటితో సంబంధం ఉండకూడదు, ఒడుదొడుకుల తీవ్రత మారకూడదు. 2020 మార్చిలో రెండు షరతులూ తప్పాయి. 6వ తేదీ ముగింపు నుంచి 23 వరకు, సరిగ్గా పది ట్రేడింగ్ రోజుల్లో, నిఫ్టీ దాదాపు 30 శాతం పడింది. మన లెక్క చెప్పింది 7.4 శాతం. అలాంటి వేళ సహసంబంధమూ 1 వైపు పరుగెడుతుంది. అయితే దాన్ని పూర్తిగా 1 చేసినా మన అంకె 88,000 కాస్త దాటి ఆగిపోతుంది. అసలు లోపం సహసంబంధంలో కన్నా పాత ప్రశాంత దినాల విచలనంలోనే ఉందన్నమాట.

తప్పును ముందే పట్టుకోవడమూ తేలిక కాదు. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులంటే ఒకదానిపై ఒకటి పడని పది రోజుల విడతలు 25 మాత్రమే. వాటిలో హద్దు దాటాల్సినవి ఒకటో, రెండో. అంత కొద్ది నమూనాతో ఏమీ తేలదు. అందుకే పరీక్ష ఒక రోజు అంకెపైనే చేస్తారు: 250 రోజుల్లో పన్నెండు, పదమూడు సార్లు దాటడం సహజం. పాతిక సార్లు దాటితే విచలనాన్ని తిరిగి లెక్కకట్టాలి.