‘మాక్కూడా అలాగే అయింది’ అన్నాక మాట ఎటు పోతుంది?

ఇద్దరు స్నేహితురాళ్లు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు అనుకుందాం. మాధవి అంటుంది: “నాన్నకి ఆపరేషన్ డేట్ ఇచ్చారే. వచ్చే గురువారం.” శైలజ వెంటనే అందుకుంటుంది: “అయ్యో, మా అమ్మకీ పోయినేడాది చేశారు కదా! మేం పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.” “అవును, చెప్పావు.” “పది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాను. కంటి మీద కునుకు లేదు. ఆఫీసులో సెలవు కూడా ఇవ్వలేదు.” “అయ్యో.” “ఇంటికొచ్చాక నాకే జ్వరం పట్టుకుంది, గుర్తుందా?” ఇంకాసేపటికి ఫోన్ పెట్టేస్తారు.

ఇందులో ఎవరూ ఎవరినీ నొప్పించే మాట అనలేదు. శైలజకు నిజంగానే బాధ కలిగింది, అందుకే అమ్మ ఆపరేషన్ గుర్తొచ్చింది. కానీ మాధవి దేనికి భయపడుతోందో, గురువారం ఆస్పత్రిలో తనకు తోడు ఎవరుంటారో, అసలు అది ఏ ఆపరేషనో కూడా బయటికి రాలేదు. పైగా నాలుగో మాటకే ఓదార్చే పని మాధవి మీద పడింది. చివర్లో “అయ్యో” అన్నది ఆమే.

అమెరికా సమాజ శాస్త్రవేత్త చార్ల్స్ డెర్బర్ మామూలు మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలను పరిశీలించి, 1979లో వెలువరించిన పుస్తకంలో ఈ తేడాకు పేర్లు పెట్టాడు. ఎదుటివాళ్లు ఎత్తిన విషయాన్ని వాళ్ల దగ్గరే ఉంచే జవాబు సపోర్ట్ రెస్పాన్స్. దాన్ని మనవైపు తిప్పుకునే జవాబు షిఫ్ట్ రెస్పాన్స్. మొదటిదాన్ని ఊతమిచ్చే జవాబు అనీ, రెండోదాన్ని మళ్లింపు జవాబు అనీ అనుకోవచ్చు.

ఊతంలో మూడు మెట్లున్నాయి. అన్నిటికన్నా తేలికైనది ఊ కొట్టడం: “ఊఁ”, “అవునా”, “అలాగా”. తర్వాతది విన్నదాని మీద ఒక మాట అనడం: “గురువారమంటే ఇంకెన్నో రోజుల్లేవు, కంగారుగానే ఉంటుంది.” అన్నిటికన్నా బలమైనది ప్రశ్న: “డాక్టర్ ఏమన్నారు?” ఊ కొడితే చెప్పేవాళ్లు సాగించగలరు, అంతే. ప్రశ్న వేస్తే సాగించక తప్పదు. మాట ఎవరి చేతిలో ఉందో ప్రశ్న తేల్చేస్తుంది.

మళ్లింపు ఎప్పుడూ “నేను” అంటూ మొదలవదు. డెర్బర్ గమనించిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇదే. చాలా మళ్లింపుల ముందు ఒక ఊతం తొడుగు ఉంటుంది. శైలజ మాటల్లో “అయ్యో” ఆ తొడుగే. ఆ ఒక్క మాట వల్ల అన్నవాళ్లకు తాము విన్నట్టే అనిపిస్తుంది, విన్నవాళ్లకు తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. ఇంకోరకం మళ్లింపు మరీ నిశ్శబ్దమైనది. ఏమీ అనకుండా ఊరుకోవడం, ఊ కొట్టాల్సిన చోట రెండు క్షణాలు ఆలస్యం చేయడం, ప్రశ్న వేయకపోవడం. ఊతం అందని విషయం రెండు మూడు వాక్యాల్లో దానంతటదే ఆరిపోతుంది. అప్పుడు కొత్త విషయం ఎత్తడం మర్యాదగానే కనిపిస్తుంది.

మంచి మనుషులు కూడా ఇలా ఎందుకు చేస్తారన్నదానికి కొంత జవాబు సంభాషణ వేగంలోనే ఉంది. పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం ఎంతో కొలిచి 2009లో ప్రచురించారు. సగటున అది సెకనులో ఐదో వంతు. కానీ ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడం మొదలెట్టడానికే మనిషికి అర సెకను పైన పడుతుంది. అంటే ఎదుటివాళ్ల మాట పూర్తవకముందే మన జవాబు తయారవుతూ ఉండాలి. ఆ తొందరలో అన్నిటికన్నా ముందు చేతికందేది మన సొంత జ్ఞాపకం. అది ఇదివరకే మాటల్లో పేర్చి ఉంటుంది, పదిసార్లు చెప్పిందై ఉంటుంది. మంచి ప్రశ్న మాత్రం అప్పటికప్పుడు, ఇప్పుడే విన్న మాటల్లోంచి పుట్టాలి. తమ గురించి చెప్పుకోవడం మనుషులకు ఎంత ఇష్టమో హార్వర్డ్ పరిశోధకులు డయానా టమీర్, జేసన్ మిచెల్ 2012లో చూపించారు. ఆ అవకాశం కోసం ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు చేతికొచ్చే డబ్బులో కొంత వదులుకున్నారు కూడా. తేలిక, ఇష్టం రెండూ ఒకే వైపు లాగుతుంటే మాట అటే పోతుంది.

దెబ్బ తగిలే చోటు మాత్రం మనం అనుకునేచోట లేదు. మాధవికి కోపం రావడం అసలు సమస్య కాదు. చాలాసార్లు కోపం రానే రాదు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బేవెలస్ బృందం చేసిన ఒక ప్రయోగం (2000) చూస్తే జరిగేదేమిటో అర్థమవుతుంది. ఒకరు తమకు కొద్దిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పాలి, ఇంకొకరు వినాలి. కొందరు శ్రోతలకు రహస్యంగా ఒక పని అప్పగించారు: చెప్పేవాళ్ల నోట ఫలానా అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆ శ్రోతలు మాటలన్నీ వింటూనే ఉన్నారు. కానీ ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడటం, “అమ్మో” అనాల్సిన చోట అనడం బాగా తగ్గిపోయాయి. దాంతో చెప్పేవాళ్లే తడబడ్డారు. ఉత్కంఠగా ముగియాల్సిన చోట చప్పగా ముగించారు, చెప్పిందే మళ్లీ చెప్పారు, అదెందుకు ప్రమాదమో సంజాయిషీ ఇచ్చుకున్నారు. కథ చెప్పడంలో వినేవాళ్ల వాటా అంత ఉందన్నమాట.

దీన్ని స్నేహానికి వర్తింపజేయండి. ఊతం అందని చోట మాధవి తన కథనే బాగా చెప్పలేకపోతుంది. “ఇది పెద్ద విషయం కాదులే” అని తనకే అనిపిస్తుంది. రెండుసార్లు, మూడుసార్లు ఇలా అయ్యాక ఆమె ఏదో నిర్ణయం తీసుకోదు. శైలజకు చెప్పాలని తోచడమే తగ్గుతుంది. ఇద్దరూ కలుస్తూనే ఉంటారు, నవ్వుకుంటూనే ఉంటారు, మాట్లాడుకునేవి మాత్రం సినిమాలు, ఆఫీసు కబుర్లు. ఏడాది తర్వాత మాధవి ఇంట్లో జరిగిన ముఖ్యమైన సంగతి మూడోమనిషి ద్వారా తెలిసినప్పుడు శైలజ నొచ్చుకుంటుంది: “నాకు ఒక్క మాటైనా చెప్పలేదు!” గొడవ జరగలేదు కాబట్టి సర్దుకునే సందర్భం కూడా రాలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ప్రేమ లేక కాదు, చెప్పుకునే దారి మూసుకుపోయి స్నేహాలు సన్నబడుతున్నాయి.

అలాగని సొంత అనుభవం చెప్పడమే తప్పని తీర్మానించకూడదు. సంభాషణల అధ్యయనానికి బాట వేసిన హార్వీ శాక్స్, ఒక కథ వెనకే రెండో కథ చెప్పడం చాలాసార్లు మొదటి కథ అర్థమైందని చూపడమేనని గుర్తించాడు. కొన్ని ఇళ్లలో, కొన్ని స్నేహబృందాల్లో మాట మీద మాట వేసుకోవడమే ఆప్యాయత. 2013లో సూసన్ స్ప్రెకర్ బృందం అపరిచితులను జతలుగా కూర్చి మాట్లాడించినప్పుడు, వెంటవెంటనే వంతులు మార్చుకున్న జతలు, ఒకరు చాలాసేపు చెప్పి మరొకరు విన్న జతలకన్నా ఎక్కువగా ఒకరికొకరు నచ్చారు. తన గురించి నోరు విప్పని స్నేహితుడు కూడా దూరంగానే మిగిలిపోతాడు.

కాబట్టి “మా అమ్మకీ చేశారు” అన్న వాక్యాన్ని ఒంటరిగా చూసి ఏమీ తేల్చలేం. ఆ తర్వాతి వాక్యం చూడాలి. అదే సంభాషణ ఇలా సాగి ఉంటే: “అయ్యో, మా అమ్మకీ పోయినేడాది చేశారు కదా. ఆ ముందు వారం నాకు నిద్ర పట్టేది కాదు. గురువారం అన్నావు, ఆ రోజు నీతో ఎవరుంటున్నారు?” మొదటి వాక్యం మారలేదు. అనుభవం రెండు వాక్యాల్లో ముగిసింది, మూడోది మాధవి మాటల్లోంచే ఒక వివరం అందుకుని ఆమెకే తిరిగి ఇచ్చింది. మాధవి బహుశా అంటుంది: “అదేనే, తమ్ముడికి సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే సంతకాలు పెట్టాలంటే భయంగా ఉంది.” అసలు విషయం ఆపరేషన్ కాదు, ఆ సంతకం. మొదటి సంభాషణలో అది ఎప్పటికీ బయటపడేది కాదు.

తిరిగి ఇచ్చే ప్రశ్నలో ఆమె వాడిన మాట ఒకటి ఉండాలన్నది చిన్న విషయంలా ఉన్నా పని చేసేది అదే. “మరి నువ్వెలా ఉన్నావ్?” అంటే “బానే ఉన్నా” అన్న జవాబు వస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. “గురువారం” అంటే మీరు విన్నారని తెలుస్తుంది, ఆగిన చోటి నుంచే అందుకోవచ్చు.

మీ అలవాటు ఎలా ఉందో తెలుసుకోవడానికి వాట్సాప్ చాట్ మంచి సాక్ష్యం. నోటి మాటలు గుర్తుండవు, చాట్‌లో రాసినవి అలాగే ఉంటాయి. ఒక స్నేహితుడితో చాట్ తెరిచి, అతను తన గురించి కొత్త సంగతి చెప్పిన చోట్లు ఓ ఐదారు వెతకండి. దాని కింద మీ మొదటి రెండు మెసేజ్‌లు చూడండి. క్రియలు “వెళ్లాను, పడ్డాను, చూశాను” అని ముగుస్తున్నాయా, “వెళ్లావా, ఏమన్నారు” అని ముగుస్తున్నాయా? ఆ తర్వాత అతను ఆ సంగతి గురించి ఇంకో వాక్యం రాశాడా, లేక మీకు ఓదార్పు రాసి ఆపేశాడా? రెండోది మాటిమాటికీ కనిపిస్తే మళ్లింపు అలవాటైనట్టే.

దిద్దుకోబోయి కొందరు ఇంకో పక్కకు ఒరుగుతారు. వరసగా మూడు నాలుగు ప్రశ్నలు గుప్పిస్తే అది విచారణ అవుతుంది. ఒక ప్రశ్న, దాని జవాబు మీద ఒక మాట, కాస్త మౌనం, ఆ తర్వాతే ఇంకో ప్రశ్న. మరికొందరు ప్రశ్న వేస్తారు గానీ తాము చెప్పుకోవడానికే వేస్తారు: “సెలవులు ఎలా గడిచాయి? మేమైతే...” ఇది మళ్లింపుల్లోకెల్లా తొందరగా దొరికిపోయేది. సలహా కూడా జాగ్రత్తగా ఇవ్వాల్సిందే. అడగకముందే ఇస్తే, చెప్పేవాళ్లు చెప్పడం ఆపి మీ సలహాకు జవాబిచ్చే పనిలో పడతారు.

మాట మళ్లించేశాక మధ్యలో గ్రహిస్తే పెద్ద క్షమాపణలు వద్దు, అవి మళ్లీ మీ గురించే అవుతాయి. “ఆగు, నీ మాటకు అడ్డొచ్చాను. డేట్ ఇచ్చారన్నావు, తర్వాత?” చాలు. మర్నాడు గుర్తొచ్చినా ఇదే మాట మెసేజ్‌గా పనిచేస్తుంది. అయితే ఒకసారి ఊతమిచ్చాక అవతలివాళ్లే వేరే విషయం ఎత్తితే వదిలేయండి. అందరికీ అన్నిసార్లూ చెప్పాలని ఉండదు.

మీరు మాధవి స్థానంలో ఉంటే, కినుక పెట్టుకుని మౌనంగా ఉండడం కన్నా మాటను నేరుగా తిరిగి తీసుకోవడం మేలు: “మీ అమ్మగారి సంగతి తర్వాత వింటానే, ముందు గురువారం గురించి చెప్పనీ.” తెలియక మళ్లించేవాళ్లు దీనికి వెంటనే తగ్గుతారు, ఎక్కువమంది అలాంటివాళ్లే. రెండు మూడు సందర్భాల్లో ఇలా స్పష్టంగా అడిగినా మాట ప్రతిసారీ అటే తిరిగిపోతుంటే, ఆ స్నేహంలో ఇలాంటి సంగతులకు చోటు లేదని తేలినట్టు. వాటిని ఇంకెవరితోనైనా చెప్పుకుని, వీళ్లతో మిగతా కబుర్లు సాగించవచ్చు.