వెలుతురు తగ్గిన ఫోటోలో జాకెట్టు రంగు ఎందుకు కుదరదు

గుంటూరులోని ఒక ఫంక్షన్ హాల్లో, సాయంత్రం పూట జరిగిన నిశ్చితార్థంలో ఫోనుతో తీసిన ఫోటోను ఉదాహరణగా తీసుకుందాం. అమ్మాయి కట్టుకున్నది లేత గోధుమరంగు మంగళగిరి చీర. దాని జరీ అంచులో వరుసగా చిన్న చిన్న గోపురాలు ఉన్నాయి. జాకెట్టు ముదురు మెరూన్. పెళ్ళికి ఇదే చీర మీదికి ముదురాకుపచ్చ జాకెట్టు నప్పుతుందా, లేత గులాబీ నప్పుతుందా అన్నది బట్ట కొనకముందే ఫోటోలో చూసుకోవాలని ఇంట్లోవాళ్ళ కోరిక. రంగు మార్చే ఆప్ ఫోనులోనే ఉంది. అయినా ఆకుపచ్చ జాకెట్టు చుట్టూ ఎర్రటి గీత మిగిలిపోయింది. గులాబీ జాకెట్టు అయితే బట్టలా కాక మచ్చలు పడిన గోడలా వచ్చింది. ఇలాంటప్పుడు చాలామంది ఆప్‌ను తప్పుపట్టి ఇంకో ఆప్ దించుకుంటారు కానీ, చిక్కు చాలావరకు ఫోటోలోనే ఉంటుంది.

గ్యాలరీలో ఆ ఫోటో వివరాలు తెరిస్తే షట్టర్ సమయం 1/15 సెకను, ఐఎస్‌ఓ 640 అని కనిపించాయనుకుందాం. వేదికకు దూరంగా, 20 లక్స్ దాకా మాత్రమే వెలుతురు పడే మూలలో ఫోను చేయగలిగింది ఆ రెండే: షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం, అందిన కొద్దిపాటి సంకేతాన్ని పెంచి చూపించడం. మొదటిదాని వల్ల కదలిక మసకగా మారుతుంది, రెండోదాని వల్ల నాయిజ్ అనే రంగు చుక్కలు పైకి తేలుతాయి. రెండింటికీ మూలం వెలుతురు చాలకపోవడమే అయినా, వాటి వల్ల కలిగే నష్టం ఒక్కలాంటిది కాదు.

మసక సంగతి లెక్క వేసి చూస్తే తేటపడుతుంది. 4000 పిక్సెళ్ళ ఎత్తున్న ఫోటోలో 160 సెంటీమీటర్ల మనిషి 3200 పిక్సెళ్ళు ఆక్రమిస్తే, ఒక్కో సెంటీమీటరుకు 20 పిక్సెళ్ళు వస్తాయి. పైట సర్దుకునే చెయ్యి సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో కదిలినా, 1/15 సెకనులో రెండు సెంటీమీటర్లు, అంటే 40 పిక్సెళ్ళు జరుగుతుంది. అంచులోని ఒక్కో గోపురం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు అనుకుంటే అది ఎనిమిది పిక్సెళ్ళే కాబట్టి, చేతితోపాటు కదిలిన పైట అంచులో ఐదేసి గోపురాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వట్టి బంగారు పట్టీ మిగులుతుంది. దాన్ని షార్ప్ చేసినంత మాత్రాన గోపురాలు తిరిగి రావు. బొమ్మను కొత్తగా అల్లే ఆప్‌లు అక్కడ ఏదో ఒక అంచును వేసి చూపిస్తాయి కానీ, అది ఆ చీర అంచు కాదు.

జాకెట్టు చేతి అంచు దగ్గర ఇదే కదలిక ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఒక్కో పిక్సెల్‌లో షట్టర్ తెరిచి ఉన్న కాలంలో కొంతసేపు మెరూన్ గుడ్డ, కొంతసేపు చర్మం రంగు నమోదవుతాయి. అరవై పాళ్ళు గుడ్డ, నలభై పాళ్ళు చర్మం కలిసిన పిక్సెల్‌ను, రంగు మార్చాల్సిన భాగాన్ని గుర్తించే మాస్క్‌లో పెడితే చర్మానికీ ఆకుపచ్చ అంటుతుంది, వదిలేస్తే మెరూన్ అలాగే నిలుస్తుంది. పైన చెప్పిన ఎర్రటి గీత అలా మిగిలినదే. రంగు మార్చేది రెండు నిమిషాల్లో అయిపోతుందనీ, అంచు దిద్దడానికే పూటంతా పడుతుందనీ స్టూడియోల్లో పనిచేసేవాళ్ళు అంటుంటారు. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

నాయిజ్ ఇంత మొండిది కాదు. కాంతి కణాలుగా వచ్చి పడుతుంది కనుక, ఒక పిక్సెల్‌కు సగటున 900 కణాలు అందితే వాటి లెక్కలో దాదాపు 30 అటూ ఇటూ తేడా ఉంటుంది. అది మూడు శాతమే కాబట్టి కంటికి ఆనదు. జాకెట్టు చంక కింది ముడతలో తొమ్మిది కణాలే అందితే తేడా మూడు, అంటే మూడో వంతు. లేత చీరలో కనిపించని చుక్కలు ముదురు జాకెట్టులో కనిపించడానికి ఇదే కారణం. ఇక ఆ మెరూన్‌ను లేత గులాబీ చేయాలంటే వెలుగును చాలా రెట్లు పెంచాలి. దానితోపాటు చుక్కలూ అన్ని రెట్లు పెరుగుతాయి. ముదురాకుపచ్చ చేయడానికి వెలుగు పెంచనక్కర్లేదు కనుక ఆ పని కాస్త సులువు. కాబట్టి వెలుతురు తక్కువైన ఫోటోలో లేత బట్టను ముదురుగా మార్చి చూడవచ్చు, ముదురు బట్టను లేతగా మార్చి చూసి బట్ట కొనే నిర్ణయం మాత్రం తీసుకోకూడదు.

చుక్కలు యాదృచ్ఛికంగా పడతాయి కనుక పక్కపక్క పిక్సెళ్ళ సగటు తీస్తే తగ్గుతాయి. కదలిక ఒకే దిక్కుగా గీసుకుపోతుంది కనుక సగటు తీసి దాన్ని వెనక్కి తేలేము. అదే వరుసలో తీసిన ఫోటోల్లో నున్నగా ఉన్నా కదిలినదాన్ని పక్కన పెట్టి, చుక్కలున్నా కదలనిదాన్ని తీసుకోవాలని నేను చెప్పేది అందుకే. ఏది కదిలిందో తెలియాలంటే చెవి దిద్దుల రాయి మీది మెరుపును పెద్దది చేసి చూడాలి. మెరుపు చుక్కలా ఉంటే ఫోటో బాగున్నట్టే. గీతగా సాగితే కదలిక ఉంది, గుండ్రటి బిళ్ళలా పరుచుకుంటే ఫోకస్ తప్పింది. వెనకున్న దీపాలు కూడా అదే దిక్కుగా సాగి ఉంటే కదిలింది ఫోను, అవి చుక్కల్లా ఉండి మెరుపు ఒక్కటే సాగితే కదిలింది మనిషి. ఫోను కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ మనిషి కదలికను ఆపలేదు. నైట్ మోడ్‌లోనూ మనిషి ఊపిరి బిగబట్టి నిలబడితేనే ఫలితం ఉంటుంది.

మళ్ళీ తీసే వీలుంటే ముందుగా సరిచేయవలసింది వెలుతురే. అదే చీరతో అమ్మాయిని పగటిపూట వీధి గుమ్మానికి ఎదురుగా, ఎండ నేరుగా పడని నీడలో నిలబెడితే 2000 లక్స్ వరకు రావచ్చు. అది హాల్లోని వెలుతురుకు వంద రెట్లు. అప్పుడు ఫోను 1/250 సెకను, ఐఎస్‌ఓ 100 ఎంచుకోగలదు. చెయ్యి అదే వేగంతో కదిలినా జరిగేది రెండు మూడు పిక్సెళ్ళే కనుక గోపురాలు విడివిడిగా నిలుస్తాయి.

ఉన్న ఫోటోతోనే సరిపెట్టుకోవాలంటే ముందు తీసినవాళ్ళ ఫోనులోని అసలు ఫైలును తెప్పించుకోవాలి. మెసేజ్‌లో మామూలు ఫోటోగా పంపినప్పుడు దాని కొలత తగ్గుతుంది. ఎత్తు 1600 పిక్సెళ్ళకు పడిపోతే ఎనిమిది పిక్సెళ్ళ గోపురం మూడుకు కుదించుకుపోతుంది. అందుకే డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఆ తర్వాత ముందు రంగు చుక్కలను తగ్గించాలి. మెరూన్ మధ్యలో నీలం, ఆకుపచ్చ చుక్కలుంటే రంగును బట్టి గీసే మాస్క్‌కు చిల్లులు పడతాయి. వెలుగులో హెచ్చుతగ్గులుగా కనిపించే చుక్కలను మాత్రం పూర్తిగా తుడవకూడదు, వాటితోపాటు నేత కూడా పోతుంది. బల్బుల పసుపుదనాన్ని సరిచేశాకే మాస్క్ గీసి రంగు మార్చాలి. షార్ప్ చేయడం చివరి పని. ముందే చేస్తే మిగిలిన చుక్కలకే పదును పెట్టినట్టవుతుంది. కొత్త జాకెట్టు మరీ నున్నగా కనిపించి ముఖం గరుకుగా ఉంటే, జాకెట్టు మీద సన్నటి చుక్కల్లాంటి గ్రెయిన్ కాస్త కలిపి, దాని అంచును పక్కనున్న మెడ అంచు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా చేయాలి.