కౌంటింగ్ సార్ట్ ఎప్పుడూ ఫాస్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కోడ్ రివ్యూల్లో నేను మళ్లీ మళ్లీ వినే మాట ఒకటుంది: "కౌంటింగ్ సార్ట్ O(n) కదా, లైబ్రరీ సార్ట్ O(n log n). మరి దీన్నే వాడేస్తే పోలా?" ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం మిగతావన్నీ కలిపినా జరగదు. అందుకే ఎక్కువసేపు దీని గురించే చెబుతాను.

అపోహ: కౌంటింగ్ సార్ట్ O(n), కాబట్టి ఎప్పుడూ వేగమే.

దాని ఖర్చు O(n) కాదు, O(n + k). ఇక్కడ k అంటే కీ విలువల పరిధి, అంటే ఎన్ని రకాల విలువలు రావచ్చో ఆ సంఖ్య. చాలామంది చదివేటప్పుడే ఈ k ని వదిలేస్తారు. ప్రోగ్రామ్ మాత్రం వదలదు.

మా టీమ్‌లో జరిగిందే చెబుతాను. ఒక సెన్సర్ నుంచి 0 నుంచి 1023 వరకు రీడింగులు వచ్చేవి, ఒక్కో బ్యాచ్‌లో 5,000. కౌంటింగ్ సార్ట్‌కి ఇంతకంటే అనువైన డేటా దొరకదు. ఒక్కో విలువ ఎన్నిసార్లు వచ్చిందో దాని గడిలో లెక్కపెట్టడానికి 5,000 అడుగులు, ఆ 1,024 గళ్లను కూడటం, తిరిగి సర్దడానికి ఇంకో 5,000, మొత్తం సుమారు 11,000. పోల్చి సార్ట్ చేస్తే దాదాపు 60,000 పోలికలు పడతాయి. కొత్తగా చేరిన అబ్బాయి రాసిన ఆ కోడ్ నెలల తరబడి బాగానే నడిచింది.

ఒకరోజు సెన్సర్ చదవలేక -1 పంపింది. అది సైన్ లేని 32 బిట్ల సంఖ్యగా మారి 4294967295 అయింది. కోడ్ గరిష్ఠ విలువ చూసుకుని అంత పెద్ద అర్రే అడిగింది. గడికి 4 బైట్ల చొప్పున 16 జీబీ! సార్ట్ చేయాల్సినవి 5,000 సంఖ్యలే, కానీ మెమరీ చాలక ప్రాసెస్ చచ్చిపోయింది. ఆ అబ్బాయి రాత్రంతా టెన్షన్ పడుతూ మెమరీ లీక్ కోసం వెతికాడు. అతని అల్గారిథమ్‌లో తప్పేమీ లేదు. పరిధిని డేటాకే వదిలేయడం ఒక్కటే పొరపాటు.

అందుకే ముందు గరిష్ఠం, కనిష్ఠం చూడండి. వాటి తేడా n కి రెండు మూడు రెట్ల లోపు ఉంటే కౌంటింగ్ సార్ట్ నిశ్చింతగా వాడొచ్చు. అంతకంటే బాగా ఎక్కువైతే లైబ్రరీ సార్ట్‌కి వెళ్లండి. డేటా పెద్దదైతే రాడిక్స్ సార్ట్ ఉంది.

రాడిక్స్ సార్ట్ ఈ k ని అదుపులో పెడుతుంది. 32 బిట్ల కీని 8 బిట్ల ముక్కలుగా విడగొట్టి, కింది ముక్కతో మొదలుపెట్టి ఒక్కో ముక్క మీద ఒక్కోసారి కౌంటింగ్ సార్ట్ చేస్తే నాలుగు పాస్‌లు, ఒక్కో పాస్‌కి 256 గళ్లే. ఒక్కో పాస్‌లో డేటాని రెండుసార్లు తాకాలి కాబట్టి పది లక్షల సంఖ్యలకి సుమారు 80 లక్షల అడుగులు. పోలికల దారిలో సుమారు 2 కోట్లు. ఇక్కడ రాడిక్స్ గెలుస్తుంది. అదే 50 సంఖ్యలైతే గళ్లు సర్దుకోవడానికే వెయ్యికి పైగా అడుగులు పోతాయి, పోలికలు మూడొందల దగ్గర ముగుస్తాయి. చిన్న జాబితాలకి దీన్ని వాడకండి.

ముక్కని 16 బిట్లు చేస్తే రెండే పాస్‌లు కదా అని కొందరు ఆశపడతారు. అప్పుడు గళ్లు 65,536 అవుతాయి, రాతలు మెమరీలో అన్ని చోట్లకీ చెదిరిపోతాయి. కాష్‌లో పట్టక, పాస్‌లు తగ్గినా సమయం పెరగొచ్చు. మీ మెషీన్ మీద కొలిచి చూశాకే మార్చండి.

అపోహ: చివరి లూప్ ఎటునుంచి నడిపినా ఒకటే.

```
for (i = n-1; i >= 0; i--)
    out[--count[key(a[i])]] = a[i];
```

ఇక్కడ `count` లో ఉన్నవి అప్పటికే వరుసగా కూడుకుంటూ వచ్చిన మొత్తాలు. ఈ లూప్‌ని ముందు నుంచి నడిపితే సమాన కీలు తిరగబడతాయి. ఉత్త సంఖ్యల కౌంటింగ్ సార్ట్‌లో రెండు 7లకి తేడా తెలియదు కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి. రాడిక్స్‌లో మాత్రం పునాదే కదులుతుంది. దశాంశంలో 12, 11 తీసుకోండి. ఒకట్ల స్థానంతో 11, 12 అయ్యాయి. పదుల స్థానంలో రెంటికీ 1 ఉంది, లూప్ తప్పుగా నడిస్తే మళ్లీ 12, 11.

పట్టుకోవడం తేలిక. నాలుగు పాస్‌ల కోడ్‌కి 256 కంటే చిన్న విలువలే ఇవ్వండి. మొదటి పాస్‌లోనే సార్ట్ అయిపోతాయి, మిగతా మూడు పాస్‌లు జాబితాని మూడుసార్లు తిప్పేస్తాయి. ఫలితం పెద్ద నుంచి చిన్నకి వస్తే దోషం ఈ లూప్‌లోనే ఉంది.

అపోహ: n log n కంటే వేగంగా ఏ సార్టూ ఉండదు. ఆ హద్దు పోలికల మీద ఆధారపడే సార్ట్‌లకే. కీనే గడి నంబరుగా వాడేవాటికి వర్తించదు. ఇంటర్వ్యూలో ఈ జవాబు చెప్పి, ఎదుటివాళ్లు తల అడ్డంగా ఊపితే బెంబేలెత్తకండి, మీరు చెప్పిందే సరైనది.

అపోహ: నెగటివ్ సంఖ్యలకి రాడిక్స్ పనికిరాదు. పనికొస్తుంది. 32 బిట్ల కీని `0x80000000` తో XOR చేసి, సైన్ లేని సంఖ్యలాగే సార్ట్ చేసి, చివర్లో మళ్లీ XOR చేస్తే చాలు.