అచ్చు తర్వాతి హల్లును చూడండి: జర్మన్ బలక్రియల లోపలి క్రమం

జర్మన్ పాఠ్యపుస్తకాల చివర్లో బలక్రియల పట్టిక ఒకటి ఉంటుంది. క్రియలు రెండు వందలకు అటూఇటూ, ఒక్కోదానికి మూడు రూపాలు, అన్నీ అక్షర క్రమంలో. ఈ అక్షర క్రమమే నేర్చుకునేవాళ్లకు పెద్ద అడ్డంకి. ఒకే రాగంలో నడిచే క్రియలు నాలుగు పేజీల్లో చెల్లాచెదురైపోతాయి, దాంతో ప్రతి క్రియా ఒక విడి అపవాదంలా కనిపిస్తుంది. నిజానికి ఈ క్రియల్లో చాలావాటికి అచ్చు ఎలా మారాలో దాని వెనకే ఉన్న హల్లు చెబుతుంది.

మామూలు జర్మన్ క్రియకు గతకాలంలో 'టె' చేరుతుంది: మాఖెన్ (చేయు), మాఖ్టె, గెమాఖ్ట్. బలక్రియ ఈ ప్రత్యయం తీసుకోదు, ధాతువులోని అచ్చునే మార్చుకుంటుంది: ట్రింకెన్ (తాగు), ట్రంక్, గెట్రుంకెన్. బలమైనవి, బలహీనమైనవి అనే పేర్లు యాకోబ్ గ్రిమ్ పెట్టినవి. బయటి ప్రత్యయం సాయం లేకుండా లోపలి అచ్చుతోనే కాలాన్ని చెప్పగలదు కాబట్టి అది బలక్రియ. ఈ పద్ధతి తెలుగు పాఠకులకు పూర్తిగా కొత్తదేమీ కాదు. సంస్కృతం నుంచి మనకొచ్చిన శ్రుతి–శ్రోత, కృతి–కర్త, బుద్ధి–బోధ జంటల్లో అచ్చు మారేదీ, జర్మన్‌లో మారేదీ ఒకే పురాతన ఇండో-యూరోపియన్ పద్ధతి నుంచి దిగినవే.

ముందుగా ట్రింకెన్ కుటుంబం చూద్దాం. ఫిండెన్ (కనుగొను), ఫంట్, గెఫుండెన్. ష్ప్రింగెన్ (దూకు), ష్ప్రంగ్, గెష్ప్రుంగెన్. ఇ–అ–ఉ వరస. ఇక్కడ అచ్చు తర్వాత ఒక అనునాసికం, దాని వెనక ఇంకో హల్లు ఉన్నాయి. అనునాసికం ఉన్నా వెనక వేరే హల్లు లేకుండా అదే రెండింతలైతే చివరి అచ్చు ఒ అవుతుంది: ష్విమ్మెన్ (ఈదు), ష్వమ్, గెష్వొమ్మెన్, బెగిన్నెన్ (మొదలుపెట్టు), బెగన్, బెగొన్నెన్. అనునాసికం స్థానంలో ల గానీ ర గానీ ఉంటే మొదటి అచ్చు ఎ, చివరిది ఒ: హెల్ఫెన్ (సాయపడు), హల్ఫ్, గెహొల్ఫెన్, ష్టెర్బెన్ (చనిపోవు), ష్టర్ప్, గెష్టొర్బెన్. చారిత్రకంగా ఇవన్నీ ఒకే తరగతి. పక్కనున్న హల్లు ప్రభావంతో మూడు పాయలయ్యాయి, అంతే. మూడింటిలోనూ నడిమి రూపంలో అ అలాగే నిలిచి ఉండడం గమనించండి.

ఐ కుటుంబం ఇంకా ఆసక్తికరమైనది, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. ష్రైబెన్ (రాయు), ష్రీప్, గెష్రీబెన్ అన్నప్పుడు దీర్ఘ ఈ వస్తుంది. రైటెన్ (స్వారీ చేయు), రిట్, గెరిట్టెన్ అన్నప్పుడు హ్రస్వ ఇ వస్తుంది. ఏది ఎప్పుడు? అచ్చు తర్వాత బ, గ, న లాంటి నాదహల్లు ఉంటే దీర్ఘం: బ్లైబెన్ (ఉండిపోవు), బ్లీప్, గెబ్లీబెన్, ష్టైగెన్ (ఎక్కు), ష్టీక్, గెష్టీగెన్. ట, ఫ, స, ఖ లాంటి శ్వాసహల్లు ఉంటే హ్రస్వం: గ్రైఫెన్ (పట్టుకొను), గ్రిఫ్, గెగ్రిఫ్ఫెన్, బైసెన్ (కొరుకు), బిస్, గెబిస్సెన్.

కారణం మధ్యయుగపు జర్మన్‌లో ఉంది. అప్పుడు ఈ రెండు గుంపుల్లోనూ మూడో రూపమైన పార్టిసిపుల్‌లో హ్రస్వ ఇ ఉండేది. తర్వాత తెరిచిన అక్షరాల్లో, అంటే అచ్చుతో ముగిసే వాటిలో, అచ్చులు సాగడం మొదలైంది. బ, గ ముందు సాగింది. ఫ్ఫ, స్స లాంటి జంటహల్లుల ముందు అక్షరం మూసుకుపోయి ఉండడంతో సాగలేదు. ట ముందు కూడా ఈ క్రియల్లో సాగలేదు. ఈనాటి రాతలో గతకాల రూపంలో హల్లు రెండుసార్లు కనిపించడం ఆ హ్రస్వానికి గుర్తు.

మరి ష్నైడెన్ (కోయు) సంగతేమిటి? డ నాదహల్లే, అయినా దాని రూపాలు ష్నిట్, గెష్నిట్టెన్. లైడెన్ (బాధపడు) కూడా అంతే: లిట్, గెలిట్టెన్. ఈ రెండింటిలో గతకాలపు హల్లే డ నుంచి ట గా మారింది. కాబట్టి ట ముందు రావలసిన హ్రస్వమే వచ్చింది. ఈ హల్లు మార్పు ప్రాచీన జర్మానిక్‌లో ఉచ్చారణలో ఊనిక ఎక్కడ పడేదన్న దాన్ని బట్టి ఏర్పడింది. డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ దాన్ని వివరించాడు. అదే డ ఉన్న మైడెన్ (తప్పించుకొను) మాత్రం మీట్, గెమీడెన్ అని దీర్ఘంతో నడుస్తుంది, ఎందుకంటే అందులో ఇప్పుడు డ డగానే ఉంది. నిజంగా విడిగా గుర్తుంచుకోవలసింది హైసెన్ (పేరుండు): హీస్, గెహైసెన్. అది పుట్టుకతో వేరే తరగతిది.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. క్రియ బలమైనదైతే ఏ వరసలో నడుస్తుందో అది చెబుతుంది కానీ, క్రియ బలమైనదో కాదో చెప్పదు. ట్సైగెన్ (చూపు) ధ్వనిలో ష్టైగెన్‌కు జంటలా ఉన్నా బలహీనం: ట్సైక్టె, గెట్సైక్ట్. బ్రింగెన్ (తెచ్చు) ష్ప్రింగెన్‌లా వినిపిస్తుంది, కానీ రూపాలు బ్రఖ్టె, గెబ్రఖ్ట్. గెబ్రుంగెన్ అని చిన్నపిల్లలూ అంటారు, విదేశీయులూ అంటారు. ఇద్దరూ వరసను సరిగ్గానే పట్టుకున్నారు, పొరపాటల్లా ఈ క్రియ ఆ గుంపుది కాకపోవడమే. వింకెన్ (చేయి ఊపు) విషయంలో స్థానికుల నోట కూడా గెవుంకెన్ వినిపిస్తుంది. పరీక్షలో గెవింక్ట్ రాస్తే నిశ్చింత.

కాబట్టి కంఠస్థం చేసే పని రెండుగా విడిపోతుంది. క్రియ బలమైనదా కాదా అన్నది జ్ఞాపకం పెట్టుకోవాలి. వరసను హల్లు నుంచి రాబట్టాలి. దీనికి ఇలా కూర్చోవడం మేలు. ఒక పూటకు ఒకే వరసలోని ఐదారు క్రియలు తీసుకుని, మూడు రూపాలనూ ఒకే ఊపిరిలో బయటికి చదవండి. కళ్లతో చదివితే చాలదు, ఈ వరసలు చెవికి పట్టేవి. మర్నాడు వాటిలో ట్సైగెన్, బ్రింగెన్ లాంటి మోసపుచ్చేవి రెండు కలిపి, కలగాపులగం చేసి మీకు మీరే పరీక్ష పెట్టుకోండి. వరస వారీగా మాత్రమే అభ్యాసం చేస్తే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, వాక్యంలో క్రియ ఒంటరిగా ఎదురైనప్పుడు తడబాటు బయటపడుతుంది. తర్వాత తిరగేసి, గెష్నిట్టెన్ చూసి ష్నైడెన్ చెప్పడం సాధన చేయండి. చదివేటప్పుడు మీకు తారసపడేది ఆ రూపమే, నిఘంటువులో వెతకవలసింది ఈ మూలరూపం. పార్టిసిపుల్‌ను మాత్రం ఒంటరిగా నేర్చుకోవద్దు. 'హట్ గెష్రీబెన్', 'ఇస్ట్ గెబ్లీబెన్' అని సహాయక్రియతో కలిపి నేర్చుకుంటే, సహాయక్రియగా హాబెన్ రావాలా, జైన్ రావాలా అన్న రెండో సందేహం పుట్టకముందే తీరిపోతుంది. మాటల్లో గతాన్ని చెప్పడానికి ఎక్కువగా వాడేది ఈ జంటనే కాబట్టి, సమయం తక్కువైతే నడిమి రూపాన్ని తర్వాతకు వాయిదా వేయవచ్చు.

ఉపసర్గలున్న క్రియలను లెక్కలోంచి తీసేయండి. ష్రైబెన్ వస్తే బెష్రైబెన్ (వర్ణించు) వచ్చినట్టే: బెష్రీప్, బెష్రీబెన్. బె, ఫెర్ లాంటివి ముందుంటే 'గె' రాదు, అంతే తేడా. జాగ్రత్త పడవలసింది నామవాచకాల నుంచి పుట్టిన క్రియల దగ్గర. ట్రాగెన్ (మోయు) బలక్రియ: ట్రూక్, గెట్రాగెన్. వీసాకో, ఇంటి అలవెన్సుకో దరఖాస్తు పెట్టేవాళ్లకు రోజూ ఎదురయ్యే బెఆన్‌ట్రాగెన్ దానికి సొంత బిడ్డలాగే కనిపిస్తుంది, కానీ అది ఆన్‌ట్రాక్ (దరఖాస్తు) అనే నామవాచకం మీద కట్టిన క్రియ. అలాంటివి ఎప్పుడూ బలహీనమే, కనుక బెఆన్‌ట్రాక్టె, బెఆన్‌ట్రాక్ట్ అనే రాయాలి.